పైపు బాగానే ఉంది, మరి నీళ్ళెందుకు కారుతున్నాయి?

అమ్మ ఎడమ కన్ను ఏడాదిన్నర పాటు కారింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, పుసులు లేవు. పుస్తకం పట్టుకుంటే ఒక చుక్క, గాలి తగిలితే రెండు చుక్కలు, ఏమీ చేయకుండా కూర్చున్నా కాసేపటికి ఇంకో చుక్క చెంప మీదికి జారేది. చేతిలో ఎప్పుడూ రుమాలు ఉండేది. ఎదురుపడ్డవాళ్ళు "ఏమైందండీ, ఏడుస్తున్నారా?" అనడం, ఆమె "అబ్బే, ఊరికే కారుతోందండీ" అనడం. ఈ రెండు మాటలూ నాకు కంఠతా వచ్చేశాయి.

మొదట చూపించిన చోట సిరంజింగ్ చేశారు. రెప్ప అంచున ఉండే చిన్న రంధ్రంలోకి మొద్దు సూది పెట్టి ఉప్పు నీళ్ళు ఎక్కించారు. నీళ్ళు గొంతులోకి దిగాయి. "నాళం తెరుచుకునే ఉందండీ, అడ్డేమీ లేదు, వయసు వల్ల వస్తుంది" అని చెప్పి, రెండు కళ్ళకీ వేసుకోమని ఒక వారానికి యాంటీబయాటిక్ చుక్కలు, ఆ తర్వాత పొడి కళ్ళకు వాడే చుక్కలు రాశారు. పైపు బాగుందని విన్నాక మాకూ పెద్ద భారం దిగినట్టయింది. సరే అనుకుని వచ్చేశాం. అలా అనుకుని ఏడాది పోగొట్టుకున్నాం కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

నా వాదన ఇది. కన్ను కారుతోందంటే మనం ముందు కన్నీటి గ్రంథిని అనుమానిస్తాం. అది కాదంటే పైపును అనుమానిస్తాం. రెప్ప జోలికి ఎవరమూ పోము. కానీ కంట్లోని నీటిని ముక్కులోకి తోసే పంపు రెప్పే. రెప్పను పరీక్షించకుండా "పైపు బాగుంది" అని ఫైలు మూసేయడమంటే, మోటారు తిరుగుతోందో లేదో చూడకుండా బిందెతో నీళ్ళు పోసి, పైపులోంచి దిగాయి కదా అని వెళ్ళిపోవడమే.

"కంటికి రెప్పలా" అనడం మనకు అలవాటు. ఆ మాటలో రెప్ప కాపలాదారు. రోజంతా నీళ్ళు తోడే కూలీ కూడా అదేనని మాత్రం మన నోట ఎప్పుడూ రాదు.

చుక్కలో ఆరో వంతు

ముందు కొలతలు చెప్పుకుందాం, ఎందుకంటే ఇక్కడే చాలామంది ఊహ తప్పుతుంది. మామూలుగా ఒక కంటి మీద ఉండే నీరు సుమారు 7 మైక్రోలీటర్లు. మనం సీసాలోంచి వేసుకునే మందు చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. అంటే కంట్లో ఎప్పుడూ ఉండే నీరంతా కలిపితే మందు చుక్కలో ఆరో వంతో, అంతకు కాస్త అటూ ఇటో. రెప్పల వెనక సందులతో కలుపుకుని కన్ను పట్టగలిగేది 30 దాకా. అందుకే ఒకేసారి రెండు చుక్కలు వేసుకుంటే రెండోది చెంపకే మందవుతుంది.

ఏ ఏడుపూ లేనప్పుడు ఊరే నీరు నిమిషానికి ఒకటి, మహా అయితే రెండు మైక్రోలీటర్లు. ఇంత తక్కువ నీరు, అంత చిన్న తొట్టి. ఊరే వేగం ఏమాత్రం పెరగకపోయినా, పోయే వేగం కాస్త తగ్గితే చాలు, కాసేపటికి తొట్టి పొంగుతుంది. అమ్మ కన్ను విషయంలో నేను చాలా ఆలస్యంగా అర్థం చేసుకున్నది ఇదే. నీళ్ళు ఎక్కువగా కారుతున్నాయంటే ఎక్కువగా తయారవుతున్నాయనే నేను అనుకుంటూ వచ్చాను.

కన్నీరు మెదడులోంచి దిగుతుందని యూరప్‌లో చాలాకాలం నమ్మారు. 1662లో నీల్స్ స్టెన్సెన్ అనే డేనిష్ శరీరశాస్త్రజ్ఞుడు గ్రంథినీ, దాని సన్నని నాళాలనూ వర్ణించి నీరు అక్కడి నుంచే వస్తోందని చూపించాడు. పెద్ద గ్రంథి కనుబొమ బయటి కొస కింద, ఎముకలోని చిన్న గుంటలో ఉంటుంది. దాని నుంచి ఓ డజను దాకా సన్నని నాళాలు పై రెప్ప లోపలి మడతలో, బయటి వైపున తెరుచుకుంటాయి. ఇది కాక రెప్పల లోపలి పొరలో బోలెడన్ని బుల్లి గ్రంథులున్నాయి. రోజువారీ తడిలో వాటి వంతూ ఉంది. పొగ తగిలినప్పుడు, దుమ్ము పడినప్పుడు, దుఃఖం పొంగినప్పుడు వరదలా వచ్చేది మాత్రం పెద్ద గ్రంథి నుంచి.

నీరు పుట్టేది పైన, బయటి వైపు. పోవలసింది కింద, ముక్కు వైపు. మధ్యలో కనుగుడ్డు అడ్డంగా ఉంది. అడ్డంగా దాటించేది ఎవరు? ఈ ప్రశ్న వేసుకుంటేనే రెప్ప కథలోకి వస్తుంది.

రెప్పపాటులో జరిగేది

అద్దం ముందు నిలబడి కింది రెప్పను కొలికి దగ్గర, అంటే ముక్కు వైపు మూల దగ్గర, కొద్దిగా బయటికి తిప్పి చూడండి. అంచు మీద చిన్న మిట్ట, దాని నడుమ సూది మొనతో పొడిచినట్టు ఒక చుక్క కనిపిస్తుంది. దాన్ని పంక్టం అంటారు. అడ్డంగా కొలిస్తే సుమారు 0.3 మిల్లీమీటర్లు. పై రెప్పకూ ఇలాంటిదే ఒకటుంది. రెప్పను తిప్పితే తప్ప ఇది కనిపించకూడదు. ఎందుకంటే దాని మూతి లోపలికి, కొలికిలో నిలిచే నీటి మడుగు వైపు తిరిగి ఉండాలి. తిప్పకుండానే కనిపిస్తోందంటే మూతి నీళ్ళలో లేదని అర్థం. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, కథలో మళ్ళీ వస్తుంది.

పంక్టం నుంచి సన్నని గొట్టం ఓ 2 మిల్లీమీటర్లు నిలువుగా దిగి, మలుపు తిరిగి, రెప్ప అంచు వెంటే 8 మిల్లీమీటర్ల దాకా ముక్కు వైపు నడుస్తుంది. దాని పేరు కెనాలిక్యులస్. పైదీ కిందిదీ చాలామందిలో చివర కలిసిపోయి, ముక్కు పక్క ఎముక గుంటలో కూర్చున్న కన్నీటి సంచిలో పడతాయి. సంచి నుంచి ఇంకో నాళం ఎముక లోపలి నుంచి కిందికి దిగి, ముక్కులో కింది మడత చాటున తెరుచుకుంటుంది. ఏడిస్తే ముక్కు కారేది ఇందుకే. ముక్కు చీదేటప్పుడు వచ్చేదాంట్లో చాలా భాగం అచ్చమైన కన్నీరే.

ఇప్పుడు రెప్ప. మనం రెప్ప వేసినప్పుడు రెండు రెప్పలూ ఒకేసారి తలుపులా మూసుకోవు. బయటి మూలలో మొదట కలుసుకుని, అక్కడి నుంచి ముక్కు వైపు జిప్ వేసినట్టు మూసుకుంటూ వస్తాయి. కింది రెప్ప పెద్దగా పైకి లేవదు గానీ, అడ్డంగా ముక్కు వైపు కొన్ని మిల్లీమీటర్లు జరుగుతుంది. దాంతో నీరంతా కొలికిలోకి చేరుతుంది.

ఆ తర్వాత జరిగేదాన్ని 1980ల మొదట్లో మార్షల్ డోన్ అనే పరిశోధకుడు అతివేగపు కెమెరాతో ఫిలిం తీసి చూపించాడు. రెప్పలు పూర్తిగా మూసుకోకముందే పై పంక్టం, కింది పంక్టం ఒకదానికొకటి తగిలి, ఒత్తుకుని, రెండు నోళ్ళూ మూసుకుపోతాయి. మూత ఇంకా బిగిసేకొద్దీ రెప్పలోని కండరం గొట్టాలను నొక్కుతుంది. నోళ్ళు మూసి ఉన్నాయి కాబట్టి లోపలి నీటికి వెనక్కి దారి లేదు, సంచి వైపుకే పోవాలి. ఇక రెప్ప తెరుచుకోవడం మొదలవుతుంది. నొక్కుడు వదిలిన గొట్టాలు తిరిగి విచ్చుకోవాలని చూస్తాయి, కానీ నోళ్ళు ఇంకా ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. లోపల శూన్యం ఏర్పడుతుంది. రెప్ప మూడొంతుల్లో రెండొంతులు తెరుచుకునేసరికి పంక్టాలు టప్పున విడిపోతాయి, కొలికిలోని నీరు లోపలికి లాక్కోబడుతుంది. తర్వాతి రెప్పపాటు దాన్ని సంచిలోకి తోస్తుంది.

నిమిషానికి పదిహేనుసార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా, ఇదే పని. చదువులో పడితే రెప్పలు వేయడం తగ్గిపోతుందని అందరికీ తెలిసిందే. పుస్తకం ముందు అమ్మ కన్ను ఎక్కువ కారడానికి ఇది కూడా ఒక కారణమై ఉంటుందని నా అనుమానం.

దీని మీద పండితుల్లో తగువు లేకపోలేదు. లెస్టర్ జోన్స్ అనే కంటి సర్జన్ డోన్ కంటే ముందే రెప్ప పంపు సంగతి చెప్పాడు. అయితే రెప్ప మూసినప్పుడు సంచి విచ్చుకుని నీటిని పీల్చుకుంటుందని ఆయన లెక్క. డోన్ లెక్కలో మూసినప్పుడు సంచి కూడా నొక్కుకుంటుంది, తెరిచినప్పుడు పీల్చుకుంటుంది. ఎవరిది ఒప్పో తేల్చే అర్హత నాకు లేదు. నా వాదనకు ఆ తీర్పు అవసరమూ లేదు. ఇద్దరి లెక్కలోనూ పని చేసేది రెప్ప కండరమే, పైపు తనంతట తాను కాదు.

దీనికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం కెమెరాలో లేదు, ముఖ పక్షవాతంలో ఉంది. ముఖంలో ఒక పక్క నరం పడిపోయినప్పుడు ఆ పక్క రెప్ప కండరం పనిచేయదు. అలాంటివాళ్ళ కన్ను ధారగా కారుతుంది. నాళంలో అడ్డేమీ ఉండదు. పడిపోయిన చోటును బట్టి ఆ పక్క గ్రంథి మామూలుకంటే తక్కువ నీరు ఊరించవచ్చు కూడా. అయినా కారుతుంది. (అదే నరం తిరిగి పెరిగేటప్పుడు లాలాజల గ్రంథికి పోవలసిన తీగలు కొన్ని దారితప్పి కన్నీటి గ్రంథికి చేరతాయి. అప్పుడు తింటున్నప్పుడల్లా ఆ కన్ను కారుతుంది. దీన్ని వైద్యులు కూడా మొసలి కన్నీరనే అంటారు. నటన లేని మొసలి కన్నీరు ఇదొక్కటే.)

సిరంజీ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మొదటి డాక్టరు తప్పు చేశారని నేను అనడం లేదు. ఇది కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కోపంలో నేనూ మొదట అలాగే అన్నాను. నడివయసు దాటినవాళ్ళలో, అందులోనూ ఆడవాళ్ళలో, ముక్కులోకి దిగే నాళం మెల్లగా పూడుకుపోవడం చాలా మామూలు. అదుందేమో చూడడం సరైన పనే. పూడుకుపోతే సంచిలో నీరు నిలిచి చీము పట్టవచ్చు. అప్పుడు కొలికి పక్కన వాపు, నొప్పి, ఎరుపు వస్తాయి, వెంటనే చూపించుకోవాలి. సంచిని వేలితో నొక్కితే పంక్టంలోంచి చీము తన్నుకొస్తే సిరంజీ దాకా పోకుండానే అడ్డం సంగతి తెలిసిపోతుంది. నెత్తుటి కన్నీరు వచ్చినా, కొలికి మట్టానికి పైన గట్టి గడ్డ కనిపించినా అది ఇంకో రకం భయం, ఆలస్యం చేయకూడదు. చంటిపిల్లల్లో నాళం చివర సన్నని పొర తెరుచుకోకపోవడం వల్ల కారేది మరో కథ. అది చాలామందిలో మొదటి ఏడాదిలోనే దానంతటదే విచ్చుకుంటుంది.

నా గొడవ సిరంజీతో కాదు, అది ఇచ్చిన జవాబును మనం అర్థం చేసుకునే తీరుతో. సిరంజీ వెనక బొటనవేలు ఉంది. అది నీటిని బలంతో తోస్తుంది. రెప్పకు అంత బలం ఉండదు. ఇరుకైన నాళంలోంచి కూడా సిరంజీ నీళ్ళు దిగిపోవచ్చు. పైగా సూది నేరుగా పంక్టంలోకి దూరుతుంది కాబట్టి, పంక్టం మూతి మడుగులో ఉందా, గాలిలోకి చూస్తోందా అన్నది ఆ పరీక్షకు పట్టదు. రెప్ప చేయాల్సిన పని మొత్తాన్ని దాటేసి, రెప్ప తర్వాతి భాగాన్ని మాత్రమే అది చూస్తుంది. "నాళం తెరిచి ఉంది" అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజమే. "కాబట్టి నీరు పోతోంది" అన్నది దానికి మనం తగిలించుకున్న తోక.

ఇక్కడ నా సొంత తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. ఆ యాంటీబయాటిక్ చుక్కలు వేస్తున్న వారంలో అమ్మ ఒకరోజు, "ఈ మందు కుడి కంట్లో వేస్తే గొంతంతా చేదవుతోంది, ఎడమ కంట్లో వేస్తే ఏమీ తెలియడం లేదు" అంది. "కంట్లో వేసింది గొంతులోకి ఎలా వస్తుందమ్మా" అని నవ్వేశాను. ఎలా వస్తుందో పైన ఇంతసేపు రాశాను కదా. కంటి నుంచి పంక్టం, సంచి, ముక్కు, అక్కడి నుంచి గొంతు. కుడి కన్ను తన నీటిని తాను తోడుకుంటోంది, ఎడమది తోడుకోవడం లేదు అని అమ్మ నాలుకే తేల్చి చెప్పింది. బొటనవేలి బలం లేకుండా, మామూలు రెప్పపాట్లతో జరిగిన పరీక్ష అది. నాకు వినే చెవి లేకపోయింది.

(ఇదే దారిన మందు ముక్కు లోపలి పొరకు చేరి నెత్తుట్లో కలుస్తుంది. కంటి ఒత్తిడికి వాడే టిమొలాల్ లాంటి చుక్కలు గుండె వేగాన్ని తగ్గించడం, ఆస్తమా ఉన్నవాళ్ళకు ఆయాసం తేవడం ఈ దారి వల్లే. చుక్క వేశాక కళ్ళు మూసుకుని రెండు మూడు నిమిషాలు కొలికిని వేలితో నొక్కి పట్టుకోమని చెప్పేది అందుకే.)

రెండో గదిలో

ఏడాది తర్వాత ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మొదటి ఐదు నిమిషాలు సూదీ తీయలేదు, దీపం ముందుకీ పిలవలేదు. ఎదురుగా కూర్చుని అమ్మతో కబుర్లు చెబుతూ ఉన్నారు. ఈవిడకు పనేమీ లేదా అనుకున్నాను. తర్వాత తెలిసింది, అమ్మ రెప్పలు వేసే తీరు గమనిస్తున్నారట. పరీక్షిస్తున్నానని చెబితే మనుషులు రెప్పలు మామూలుగా వేయరు.

తర్వాత రెండు కళ్ళలోనూ ఫ్లోరెసిన్ అనే పసుపుపచ్చ రంగు చుక్క ఒక్కోటి వేసి, తుడుచుకోవద్దని చెప్పి ఐదు నిమిషాలు ఆగమన్నారు. నీలి దీపం వేసి చూస్తే కుడి కంట్లో రంగు దాదాపు పోయింది. ఎడమ కంట్లో కింది రెప్ప అంచు వెంట మెరిసే పచ్చని గట్టు అలాగే నిలిచి ఉంది, కొంత చెంప మీదికి కూడా జారింది. నాకూ చూపించారు. అమ్మ నాలుక ఏడాది కిందట చెప్పినదే ఇప్పుడు రంగులో కనిపించింది.

అప్పుడు రెప్పల మీదికొచ్చారు. కుడి కింది రెప్పను వేలితో కిందికి లాగి వదిలారు. వదిలీ వదలగానే అది టక్కున కంటికి అతుక్కుంది. ఎడమది లాగి వదిలితే అలాగే వేలాడుతూ ఉండిపోయింది. అమ్మ రెప్ప వేసేదాకా తిరిగి రాలేదు. ఆ తర్వాత రెప్పను మెల్లగా పట్టుకుని ముందుకు లాగి, కనుగుడ్డు నుంచి ఎంత దూరం వస్తోందో స్కేలు పెట్టి కొలిచారు. కుడిది 6 మిల్లీమీటర్లు, ఎడమది 10. ఎనిమిది దాటితే రెప్ప వదులైనట్టు లెక్క. చివరగా పంక్టం. కుడి వైపున రెప్ప తిప్పితేనే కనిపించింది. ఎడమ వైపున ఏమీ ముట్టుకోకుండానే, ఎదురుగా, చుక్క పెట్టినట్టు కనిపించింది. మూతి మడుగులో లేదు, గాలిలో ఉంది.

అప్పుడు గానీ సిరంజీ తీయలేదు. నీళ్ళు చక్కగా గొంతులోకి దిగాయి. "పైపుకు ఏ వంకా పెట్టలేమండీ, దాన్ని తోసే రెప్పే సాగిపోయింది" అన్నారు.

సాగిపోతే పంపు ఎందుకు ఆగుతుందో అడిగాను. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. రెప్ప రెండు చివర్లా ఎముకకు కట్టిన పట్టీ లాంటిది. కండరం బిగిస్తే పట్టీ బిగుసుకుని గొట్టాలను నొక్కాలి. బయటి చివర కట్టు సాగిపోతే, కండరం బిగిసినప్పుడు ఆ బలమంతా వదులును చుట్టుకోవడానికే సరిపోతుంది, నొక్కడానికి మిగలదు. పైగా వదులైన రెప్ప కంటి నుంచి దూరంగా జరిగి పంక్టాన్ని బయటికి తిప్పేస్తుంది. నొక్కుడూ పోయింది, మునకా పోయింది.

ఇంకో మాట చెప్పి అమ్మ చేతిలోని రుమాలు వైపు చూశారు. ఏడాదిన్నరగా రోజుకు ఎన్నోసార్లు ఆమె కన్ను తుడుచుకుంటున్న తీరు చూడండి: లోపలి నుంచి బయటికి, కిందికి లాగుతూ. మనలో చాలామంది అలాగే తుడుచుకుంటాం. సాగిన రెప్పను అలా తుడిచిన ప్రతిసారీ ఇంకాస్త సాగదీస్తాం. కారుతోంది కాబట్టి తుడుస్తాం, తుడుస్తున్నాం కాబట్టి ఇంకా కారుతుంది. రెప్పను కంటికి ఆనించి, ముక్కు వైపుకీ పైకీ ఒత్తుతూ అద్దమన్నారు. చెప్పడం తేలిక, అలవాటు మార్చుకోవడం కష్టం. అమ్మ ఇప్పటికీ సగంసార్లు మరిచిపోతుంది.

అయినా నాకున్న అనుమానాలు

ఇదంతా చదివి కన్ను కారే ప్రతివాళ్ళూ రెప్ప లాగి చూసుకుని ఆపరేషన్‌కు పరిగెడతారేమో అన్నది నా మొదటి భయం. వయసు మీరినవాళ్ళలో వదులు రెప్పలు బోలెడు. అందరి కళ్ళూ కారవు. వయసుతో పాటు ఊరే నీరూ తగ్గుతుంది కాబట్టి, కొందరిలో పంపు నీరసించినా రాకడా పోకడా సరిపోతాయి. రెప్ప వదులుగా కనిపించినంత మాత్రాన నేరం దానిదే అని చెప్పలేం.

రెండోది ఇంకా చిక్కు. కన్ను పొడిబారినా కారుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, రెప్పల అంచుల్లోని మైబోమియన్ గ్రంథులు ఊరించే నూనె పొర సరిగా లేకపోతే నీటి పొర త్వరగా ఆవిరైపోతుంది, కన్ను మంట పెడుతుంది, ఆ మంటకు పెద్ద గ్రంథి వరద వదులుతుంది. మొదటి డాక్టరు రాసిన పొడి కళ్ళ చుక్కల వెనక ఉన్న ఆలోచన ఇదే, ఆ ఆలోచన తెలివైనదే. రెండో డాక్టరు కూడా దీన్ని కొట్టిపారేయలేదు. ఆపరేషన్ మాట ఎత్తకముందు ఆరు వారాలు రెప్పలకు గోరువెచ్చని కాపడం, అంచులు తోమి శుభ్రం చేసుకోవడం చేయించారు. అమ్మ కళ్ళ మంట తగ్గింది. కుడి కన్ను హాయిగా ఉందంది. ఎడమది కారుతూనే ఉంది. ఆ ఆరు వారాలు వృథా అని ఇంట్లో గొణిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ నీరు ఎక్కువై కారుతోందా, పోక కారుతోందా అన్నది విడదీసింది ఆ ఆరు వారాలే.

మూడోది, రెప్పకు నేను ఇచ్చేస్తున్న పెద్దరికం. నీటిలో కొంత భాగం ఆవిరైపోతుంది. సన్నని రంధ్రం తనంతట తాను కొంత నీరు పీల్చుకుంటుంది. సంచి నుంచి కిందికి నీటి బరువు కూడా సాయపడుతుంది. సంచి, నాళం చుట్టూ ఉన్న రక్తనాళాల అల్లిక ఉబ్బితే దారి ఇరుకవుతుంది, జలుబు చేసినప్పుడు కళ్ళు నీళ్ళు నిండుకోవడానికి అదొక కారణం. అంచేత రెప్పే సర్వస్వం అంటే అతి అవుతుంది. నేననేది, లెక్కలో రెప్పను సున్నాగా వేయకండి అని మాత్రమే. మొదటి పరీక్షలో రెప్పకు పడ్డ మార్కు సున్నా కూడా కాదు, అసలు ఆ పేపరే దిద్దలేదు. లాగి వదిలి చూడడానికి పట్టేది ఐదు సెకన్లు. సూదీ అక్కర్లేదు, మందూ అక్కర్లేదు.

కట్టు బిగించాక

ఆపరేషన్ మత్తు సూది వేసి, అమ్మ మెలకువగా ఉండగానే చేశారు. కన్ను బయటి మూలలో చిన్న కోత పెట్టి, కింది రెప్పలోని గట్టి పలకను కొంచెం కురచ చేసి, దాని కొసను ఎముక అంచు లోపలి వైపు పొరకు కుట్టేశారు. పలకను పట్టీలా మలిచి బిగిస్తారు కాబట్టి దాన్ని లేటరల్ టార్సల్ స్ట్రిప్ అంటారట. కొలికి వైపు, పంక్టం కింద, రెప్ప లోపలి నుంచి చిన్న ముక్క తీసి కుట్టు వేసి, మూతిని తిరిగి మడుగు వైపుకు తిప్పారు. గ్రంథిని ముట్టుకోలేదు. నాళాన్ని ముట్టుకోలేదు. ముక్కులోకి కొత్త దారి చేసే పెద్ద ఆపరేషన్ ఒకటుంది, దాని అవసరమే రాలేదు.

ఆవిడ ముందే చెప్పారు: కారడం బాగా తగ్గుతుంది, పూర్తిగా ఆగుతుందని మాట ఇవ్వలేను, కొన్నేళ్ళకు రెప్ప మళ్ళీ సాగవచ్చు. ఇప్పటికి ఎనిమిది నెలలు. ఎదురుగాలి వీస్తే ఎడమ కన్ను ఇంకా చెమరుస్తుంది. చెంప మీదికి మాత్రం జారడం లేదు. రుమాలు చేతిలోంచి సంచిలోకి చేరింది.

కుట్లు విప్పే ముందు వారం అదే రకం యాంటీబయాటిక్ చుక్కలు మళ్ళీ రాశారు, ఈసారి ఎడమ కంటికి మాత్రమే. మూడో రోజు సాయంత్రం నేనే చుక్క వేసి, కళ్ళు మూసుకోమని చెప్పి పక్కన కూర్చున్నాను. కాసేపటికి అమ్మ మొహం చిట్లించి, గుటక వేసి, "అబ్బ, చేదు" అంది.

"ఏ కంట్లో వేశానమ్మా?" అని అడిగాను, తెలిసి తెలిసీ.

"ఎడమ కంట్లోనే కదా వేశావు, మరిచిపోయావా?" అని, మంచినీళ్ళు తెమ్మంది.